ఫిర్యాదు ఎవరి బల్ల మీద ఆగింది?

ఫ్యాక్టరీల నోటీసు బోర్డుల మీద కనిపించే ఫిర్యాదుల పరిష్కార విధానం చాలాచోట్ల ఇంచుమించు ఇలా ఉంటుంది: "కార్మికులు తమ ఫిర్యాదులను సంబంధిత అధికారి దృష్టికి తేవలెను. సదరు ఫిర్యాదులను పరిశీలించి వీలైనంత త్వరలో తగు చర్య తీసుకొనబడును. అవసరమైనచో పై అధికారులకు నివేదించబడును."

పైపైన చదివితే ఇందులో తప్పేమీ కనిపించదు. ఓవర్‌టైమ్ డబ్బు తక్కువ పడిన కార్మికురాలు ఈ కాగితం చదువుకుని రేపు పొద్దున ఎవరి దగ్గరికి వెళ్లాలో చెప్పమంటే మాత్రం చెప్పలేం. సంబంధిత అధికారి అంటే షిఫ్ట్ ఇన్‌చార్జా, టైం ఆఫీసా, హెచ్‌ఆర్ మేనేజరా? వీలైనంత త్వరలో అంటే ఎన్నాళ్లు? అవసరమైనచో అన్నారు సరే, ఆ అవసరం ఉందో లేదో తేల్చేది ఎవరు? సాధారణంగా మొదట ఫిర్యాదు అందుకున్న మనిషే తేలుస్తాడు. ఆయన ఏమీ చేయకపోతే ఫిర్యాదు అక్కడే ఉండిపోతుంది. కాదన్న జవాబు కూడా లేదు కాబట్టి దాని మీద పైకి వెళ్లడానికీ దారి ఉండదు. ఇలాంటి విధానంలో అన్నిటికంటే బలమైన నిర్ణయం మౌనమే. విధానాన్ని తిరగరాసే పని అంటే ప్రధానంగా ఆ మౌనానికి ఒక ఫలితం రాసిపెట్టడం.

ఇది కొత్తగా కనిపెట్టాల్సిన సంగతేమీ కాదు. గుల్జారీలాల్ నందా కేంద్ర కార్మిక మంత్రిగా ఉన్న రోజుల్లో, 1958లో, యాజమాన్యాలూ యూనియన్లూ ఒప్పుకున్న పారిశ్రామిక క్రమశిక్షణ నియమావళికి అనుబంధంగా ఒక నమూనా ఫిర్యాదుల విధానం వచ్చింది. దాన్ని ఇవాళ చదివినా ముచ్చటేస్తుంది. కార్మికుడు ముందు యాజమాన్యం నియమించిన అధికారికి నోటిమాటగా చెప్పుకోవాలి. ఆ అధికారి 48 గంటల్లో జవాబివ్వాలి. జవాబు నచ్చకపోయినా, అసలు రాకపోయినా విభాగాధిపతి దగ్గరికి వెళ్లవచ్చు. ఆయనకు 3 రోజులు. అక్కడా తేలకపోతే ఫిర్యాదుల కమిటీ. అది 7 రోజుల్లో మేనేజరుకు సిఫారసు చేయాలి. మేనేజరు 3 రోజుల్లో నిర్ణయం తెలియజేయాలి. అదీ నచ్చకపోతే పునఃపరిశీలన కోరవచ్చు, దానికి ఒక వారం. ఆ తర్వాత యూనియన్, యాజమాన్యం కలిసి స్వచ్ఛంద మధ్యవర్తిత్వానికి పంపుకోవచ్చు. ఈ గడువుల్లో సెలవు దినాలు లెక్కలోకి రావని కూడా రాశారు. కమిటీ ఏకగ్రీవంగా చెప్పిన మాటను యాజమాన్యం అమలు చేయాల్సిందేనని, అభిప్రాయాలు చీలితేనే మేనేజరు తుది నిర్ణయం తీసుకుంటాడని తేల్చారు. పై నుంచి వచ్చిన ఉత్తర్వు మీదే ఫిర్యాదైతే, ముందు ఉత్తర్వును పాటించి ఆ తర్వాత ఫిర్యాదు చేయాలన్నారు. కార్మికులకు ఇది చేదు మాటే. అయినా ఏం చేయాలన్న అనుమానానికి చోటివ్వలేదు.

ఆ నమూనాకు చట్టబలం లేదు. పాటిస్తే పాటించారు, లేకపోతే లేదు. చాలా కంపెనీలు దాన్ని తమ స్టాండింగ్ ఆర్డర్లలోకి, చేతిపుస్తకాల్లోకి ఎత్తి రాసుకునేటప్పుడు మెట్లను ఉంచుకుని గడువులను వదిలేశాయి. ఇంకొన్ని గడువులను ఉంచి, 'జవాబు రాకపోయినా' అన్న చిన్న ముక్కను తీసేశాయి. మొత్తం విధానం నిలబడేది ఆ ముక్క మీదే.

చట్టంలోకి ఈ వ్యవహారం నింపాదిగా వచ్చింది. పారిశ్రామిక వివాదాల చట్టానికి 1982లో చేసిన సవరణలో ఫిర్యాదుల అధ్యాయం ఉన్నా అది అమల్లోకి రాలేదు. 2010 సవరణతో 9సి సెక్షన్ వచ్చింది. 20 మంది, అంతకు మించి కార్మికులున్న ప్రతి సంస్థలో ఆరుగురికి మించని కమిటీ, 45 రోజుల్లో విచారణ ముగింపు, ఆ తర్వాత యజమానికే అప్పీలు, యజమాని నెల రోజుల్లో తేల్చి ప్రతి ఇవ్వడం దాని సారాంశం. కమిటీ అసలు ఏమీ తేల్చకపోతే ఏమిటన్నది అందులో లేదు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ (చట్టంగా ఆమోదం పొందింది 2020లో) నాలుగో సెక్షన్‌లో ఈ లోటును పూడ్చింది. ఇప్పుడు కమిటీలో యాజమాన్యం, కార్మికులు సమానంగా, మొత్తం పదిమందికి మించకుండా ఉండాలి. అధ్యక్ష స్థానం ఏడాదికోసారి చేతులు మారాలి. మహిళల ప్రాతినిధ్యం సంస్థలో వాళ్ల నిష్పత్తికి తగ్గకూడదు. సమస్య తలెత్తిన ఏడాదిలోగా దరఖాస్తు చేసుకోవచ్చు. కమిటీకి గడువు 30 రోజులు. నిర్ణయం నచ్చకపోతే, లేదా ఆ 30 రోజుల్లో తేలకపోతే, కార్మికుడు 60 రోజుల్లోగా యూనియన్ ద్వారానో మరో విధంగానో కన్సిలియేషన్ అధికారి దగ్గరికి వెళ్లవచ్చు. అంటే మౌనం కూడా తలుపు తెరుస్తుంది.

ఈ మార్పులో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. కమిటీ తర్వాత యజమానికి అప్పీలు అనే మెట్టు కొత్త కోడ్‌లో లేదు. కంపెనీల పాత విధానాల్లో మాత్రం అది ఇంకా ఉంది. పాత కాగితంలో 45 కొట్టేసి 30 అని దిద్ది, మిగతాదంతా అలాగే ఉంచేసే హెచ్‌ఆర్ విభాగాలు కార్మికుల కాళ్ల కింద గొయ్యి తవ్వుతున్నాయి. కావాలని తవ్వుతున్నాయని నేననను. అయినా గొయ్యి గొయ్యే. అది ఎలా పనిచేస్తుందో తేదీలు వేసి చూస్తేనే తెలుస్తుంది.

గుంటూరు వైపు ఒక స్పిన్నింగ్ మిల్లు అనుకుందాం. రింగ్ ఫ్రేముల మీద పనిచేసే కార్మికురాలు జూన్ నెలలో 14 గంటలు ఓటీ చేసింది. జూలై 7న జీతం పడింది, పే స్లిప్‌లో 6 గంటలే ఉన్నాయి. మామూలు గంట కూలి 75 రూపాయలైతే ఓటీకి రెట్టింపు, అంటే 150. పోయిన 8 గంటలకు 1,200 రూపాయలు. జూలై 8న షిఫ్ట్ ఇన్‌చార్జికి చెప్పింది. 'చూద్దాంలేమ్మా' అన్నాడు. కింది మెట్లలో వారం గడిచాక జూలై 16న కమిటీకి దరఖాస్తు ఇచ్చిందనుకోండి. 30 రోజులు లెక్కిస్తే ఆగస్టు 15 వస్తుంది. ఆ రోజు మిల్లు సెలవు. కమిటీ ఆగస్టు 14నే కూర్చుని కాదంది. ఆ కాగితం ఆమె చేతికి అందింది ఆగస్టు 18న. ఇక్కడి నుంచి 60 రోజులంటే అక్టోబర్ 17.

పాత విధానం ప్రకారం ఆమె ముందు యజమానికి అప్పీలు చేసుకోవాలి. పది రోజులు ఆలోచించి ఆగస్టు 28న ఇచ్చింది. యజమాని తనకున్న నెల రోజులు పూర్తిగా వాడుకుని సెప్టెంబర్ 28న తిరస్కరించాడు. ఇక మిగిలినవి 19 రోజులు. నెల గడిచినా ఆయన జవాబివ్వలేదనుకోండి, ఆమె మర్యాదగా ఇంకో మూడు వారాలు ఎదురుచూస్తే అక్టోబర్ 17 దాటిపోతుంది. 60 రోజులు కమిటీ నిర్ణయం అందిన రోజు నుంచి మొదలవుతాయి, కంపెనీ తనంత తాను పెట్టుకున్న అప్పీలు పూర్తయిన రోజు నుంచి కాదు. తర్వాత లేబర్ ఆఫీసుకు వెళితే 1,200 రూపాయల సంగతి పక్కకు పోయి, ఎందుకింత ఆలస్యమైందన్న వాదన ముందుకొస్తుంది. వేతన బకాయి కాబట్టి వేతనాల కోడ్ కింద మూడేళ్లలోగా క్లెయిమ్ వేసే మరో దారి ఆమెకు ఉంది. బదిలీ, షిఫ్ట్ కేటాయింపు, ప్రమోషన్ లాంటి గొడవలకు ఆ దారి కూడా లేదు.

కాబట్టి తిరగరాసేటప్పుడు నేను మొదట చేసేది యాజమాన్యం మెట్లన్నిటినీ కమిటీకి ముందుకు జరపడం. షిఫ్ట్ ఇన్‌చార్జి, విభాగాధిపతి, కావాలంటే వర్క్స్ మేనేజరు, ఆ తర్వాత కమిటీ. కమిటీ తర్వాత కంపెనీ లోపల ఇంకేమీ ఉండకూడదు. యజమానికి పునఃపరిశీలించే అవకాశం ఉంచాలని పట్టుబడితే, దానికోసం ఎదురుచూడనక్కర్లేదని, 60 రోజులు నడుస్తూనే ఉంటాయని, ఆఖరి తేదీ ఫలానా అని కమిటీ నిర్ణయం కాగితం మీదే ముద్రించాలి. అలాగే 'ఘటన జరిగిన 7 రోజుల్లో ఫిర్యాదు చేయనిచో స్వీకరించబడదు' అన్న వాక్యం కొన్ని చేతిపుస్తకాల్లో ఉంటుంది. చట్టం ఏడాది ఇచ్చాక కంపెనీ దాన్ని వారానికి కుదించలేదు. ఆ వాక్యం తీసేయాలి.

రెండోది గడువు ఎక్కడ మొదలవుతుందన్నది. 'మూడు రోజుల్లో' అని మాత్రమే రాస్తే ఏ రోజు నుంచి అన్న తగాదా మిగులుతుంది. ఫిర్యాదు ఇచ్చిన రోజా, రిజిస్టరులో ఎక్కించిన రోజా, అధికారి సెలవు నుంచి వచ్చిన రోజా? అందినట్టు నంబరుతో రసీదు అదే షిఫ్టులో ఇవ్వాలని, గడువు రసీదు తేదీ మర్నాటి నుంచి లెక్కించాలని రాస్తే తగవు తీరుతుంది. అధికారి సెలవులో ఉంటే ఆయన స్థానంలో ఎవరన్నది హోదాతో రాయాలి. కింది మెట్లకు పనిదినాలు పెట్టుకోవచ్చు. కమిటీ 30 రోజులు మాత్రం క్యాలెండర్ రోజులుగానే చూడాలి, చట్టం పనిదినాలనలేదు. ఆఖరి రోజు సెలవైతే అంతకు ముందు పనిదినమే గడువనుకోవడం క్షేమం.

పొరపాటున వేరే అధికారికి ఇచ్చిన కాగితం సంగతి కూడా తేల్చాలి. ఇందుకు సమాచార హక్కు చట్టం మంచి నమూనా. దరఖాస్తు వేరే కార్యాలయానికి చెందినదైతే 5 రోజుల్లో వాళ్లే అక్కడికి పంపాలని అందులో ఉంది. ఆ చట్టం మౌనాన్ని కూడా సూటిగా పట్టుకుంది. 30 రోజుల్లో జవాబు రాకపోతే తిరస్కరించినట్టే, మొదటి అప్పీలుకు వెళ్లవచ్చు. ఆ అప్పీలు వినే అధికారికి 30 రోజులు, కారణం రాస్తే 45. ఇంతవరకూ బాగుంది. రెండో అప్పీలు వినే సమాచార కమిషన్లకు మాత్రం చట్టం గడువు పెట్టలేదు. కుప్పలు పేరుకుపోయేది సరిగ్గా అక్కడే. మెట్లన్నిటికీ గడువు పెట్టి ఒక్క మెట్టును వదిలేస్తే ఆలస్యమంతా వచ్చి ఆ మెట్టు మీద చేరుతుంది.

మూడోది, ఎవరు నిర్ణయిస్తారన్నది. తిరగరాతలో అన్నిటికంటే ఎక్కువ తడబాటు కనిపించేది ఇక్కడే. అందుకోవడం, విచారించడం, సిఫారసు చేయడం, నిర్ణయించడం వేర్వేరు పనులు. 'హెచ్‌ఆర్ విభాగం చూసుకుంటుంది' అంటే ఈ నాలుగూ కలిసిపోతాయి. అంతకంటే ముఖ్యమైనది, నిర్ణయించే మనిషి చేతిలో అడిగింది ఇచ్చే అధికారం ఉందా అన్న ప్రశ్న. మన మిల్లు కార్మికురాలి ఫిర్యాదే చూడండి. ఆమె ఓటీ స్లిప్ మీద సంతకం పెట్టింది షిఫ్ట్ ఇన్‌చార్జి. గంటలు ఎక్కించింది టైం ఆఫీసు. డబ్బు మంజూరు చేయాల్సింది వేతనాల విభాగం. షిఫ్ట్ ఇన్‌చార్జి 48 గంటల్లో ఎంత నిజాయితీగా జవాబిచ్చినా, 1,200 రూపాయలు ఇప్పించే అధికారం ఆయనకు లేకపోతే ఆ మెట్టు ఉత్త తపాలా పెట్టె. అందుకని ప్రతి మెట్టు దగ్గరా ఎవరు ఏం మంజూరు చేయగలరో రాయాలి. వారాంతపు సెలవు, మిషన్ కేటాయింపు, హాజరు దిద్దుబాటు, ఓటీ గంటల ధ్రువీకరణ షిఫ్ట్ ఇన్‌చార్జి పరిధి. ఒక హద్దు వరకు బకాయిల చెల్లింపు విభాగాధిపతి పరిధి. తన పరిధి దాటిన ఫిర్యాదును కింది అధికారి తన గడువు పూర్తయ్యేదాకా దగ్గర పెట్టుకోకుండా అదే రోజు పైకి పంపాలి.

ఫిర్యాదు ఎవరి మీదో ఆ మనిషే దాన్ని తేల్చకూడదన్నది అందరూ ఒప్పుకునే మాటే. అయినా రాతలో తప్పిపోతుంది. షిఫ్ట్ ఇన్‌చార్జి మీదే ఫిర్యాదైతే మొదటి మెట్టు విభాగాధిపతి అవుతాడని విడిగా ఒక వాక్యం కావాలి. కమిటీ సభ్యుడి మీదైతే ఆ సభ్యుడు ఆ విచారణలో కూర్చోడని ఇంకో వాక్యం. లైంగిక వేధింపుల ఫిర్యాదులు ఈ మెట్లు ఎక్కనే కూడదు. 2013 చట్టం కింద వాటికి అంతర్గత కమిటీ ఉంది. 90 రోజుల్లో విచారణ, ముగిసిన 10 రోజుల్లో నివేదిక, నివేదిక అందిన 60 రోజుల్లో యజమాని చర్య అని ఆ చట్టం ఒక్కో పనికి ఒక్కో గడువు పెట్టింది. 'ఇలాంటి ఫిర్యాదు సూపర్‌వైజరుకు చెప్పనక్కర్లేదు, నేరుగా ఫలానా వారికి ఇవ్వండి' అని మొదటి పేజీలోనే ఉండాలి.

కమిటీ లోపలి లెక్క ఇంకా మెలికలున్నది. కోడ్ ప్రకారం నిర్ణయానికి మెజారిటీ చాలదు. కార్మిక ప్రతినిధుల్లో సగం కంటే ఎక్కువమంది ఒప్పుకోవాలి. ఆరుగురున్న కమిటీలో యాజమాన్యం వాళ్లు ముగ్గురూ, కార్మిక ప్రతినిధి ఒకరూ కలిసి నాలుగు ఓట్లతో తిరస్కరించారనుకోండి. మామూలు లెక్కలో నలుగురు గెలిచారు. చట్టం లెక్కలో ముగ్గురు కార్మిక ప్రతినిధుల్లో ఒక్కరే ఒప్పుకున్నారు కాబట్టి నిర్ణయమే జరగలేదు. ఇలాంటప్పుడు చాలా కమిటీలు 'మళ్లీ చర్చిద్దాం' అని లేచిపోతాయి. ఫిర్యాదీకి ఏ కాగితమూ అందదు. విధానంలో దీనికి చోటు ఉండాలి: ఓట్లు చీలి నిర్ణయం కుదరకపోతే ఆ సంగతి రెండు పనిదినాల్లో రాతపూర్వకంగా ఫిర్యాదీకి ఇవ్వాలి, కన్సిలియేషన్‌కు వెళ్లే ఆఖరి తేదీని దాని మీద రాయాలి.

ఇవన్నీ కలిపి మొదట చూపిన మూడు వాక్యాలను తిరగరాస్తే మొదటి మెట్టు ఇలా ఉంటుంది: "మీ ఫిర్యాదును మీ షిఫ్ట్ ఇన్‌చార్జికి నోటితో చెప్పండి లేదా రాసి ఇవ్వండి. ఆయన అదే షిఫ్టులో నంబరు, తేదీ ఉన్న రసీదు ఇస్తారు. రెండు పనిదినాల్లో ఒప్పుకుంటున్నారో లేదో, ఎందుకో, రాసి ఇస్తారు. జవాబు నచ్చకపోతే, లేదా రెండు పనిదినాల్లో జవాబు రాకపోతే, అదే రసీదు తీసుకుని విభాగాధిపతి దగ్గరికి వెళ్లండి. 'పరిశీలనలో ఉంది' అనేది జవాబు కింద లెక్క కాదు." పాతదానికంటే పొడుగే. అయినా ప్రతి వాక్యంలో పని చేసే మనిషి కనిపిస్తాడు. తీసుకొనబడును, నివేదించబడును అని రాసినంతకాలం ఆ మనిషి వాక్యం వెనక దాక్కుంటాడు.

'పరిశీలనలో ఉంది' జవాబు కాదన్న ఆ చివరి వాక్యాన్ని మేనేజర్లు కొట్టేయమంటారు. నా లెక్కలో అది ఉండి తీరాలి. గడువులు గట్టిపడగానే మొదట పుట్టుకొచ్చే రోగం ఆఖరి రోజు సాయంత్రం ఇచ్చే ఉత్తుత్తి జవాబు. రెండో రోగం, ఆలోచించే తీరిక లేక ఒక్క ముక్కలో తిరస్కరించడం. కారణం రాయాలన్న షరతు రెండోదాన్ని కొంత ఆపుతుంది, పూర్తిగా కాదు. నిజంగా ఎక్కువ సమయం పట్టే ఫిర్యాదులూ ఉంటాయి. పాత హాజరు రికార్డులు తవ్వాల్సి రావచ్చు. అలాంటివాటికి ఒక్కసారి, ఇన్ని రోజులని చెప్పి, కారణం రాసి గడువు పెంచుకునే వీలు కింది మెట్లలో ఉండాలి. కమిటీ 30 రోజులను పెంచే వీలు కంపెనీ చేతిలో లేదు.

విధానం నడుస్తోందో లేదో రిజిస్టరు చెబుతుంది. అందిన తేదీ, జవాబు ఇవ్వాల్సిన తేదీ, ఇచ్చిన తేదీ, ఇచ్చినవారి హోదా, ఇచ్చిన జవాబు అని నిలువు గళ్లుంటే చాలు. మొదటి మెట్టు దగ్గర ఏమీ మంజూరు కాకుండా అన్నీ పైకే పోతుంటే కింది అధికారికి అధికారం ఇవ్వలేదని అర్థం. జవాబులన్నీ గడువు ఆఖరి రోజునే ఉంటే ఎవరో కాగితాలు దగ్గర పెట్టుకుంటున్నారు. ఫిర్యాదులే లేకపోతే సంతోషించే ముందు షాపు ఫ్లోరు మీద నలుగురిని ఆపి, 'ఇన్‌చార్జి మూడో రోజుకీ జవాబివ్వకపోతే ఎవరి దగ్గరికి వెళ్తావు?' అని అడగాలి. జవాబు తెలియదంటే లోపం రాతలో ఉంది. తెలిసి కూడా వెళ్లనంటే అది భయం, దాన్ని తిరగరాత తీర్చదు. ఇదే ప్రశ్న ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చినవాళ్లనూ అడగాలి. మన రెండు రాష్ట్రాల మిల్లుల్లో, ఫార్మా యూనిట్లలో వాళ్ల సంఖ్య తక్కువేమీ కాదు. తెలుగులో ఎంత తేటగా రాసినా వాళ్లకు అది అంటించిన కాగితమే. హిందీ, ఒడియా ప్రతులు కూడా బోర్డు మీద ఉండాలి.

ఎంత జాగ్రత్తగా రాసినా ఒక చోట చాలా విధానాలు తెలివిగా మౌనం వహిస్తాయి: కాంట్రాక్టు కార్మికులు. గేటు దగ్గర పాసు కంపెనీది, పని చెప్పేది కంపెనీ సూపర్‌వైజరు, జీతం కాంట్రాక్టరుది. కాంట్రాక్టరు జీతం ఎగవేస్తే ప్రధాన యజమాని ఇవ్వాలన్నది పాత కాంట్రాక్టు కార్మికుల చట్టంలోనూ ఉంది, కొత్త కార్మిక కోడ్‌లలోనూ ఉంది. ఫిర్యాదు చేయబోతే మాత్రం కంపెనీ కాంట్రాక్టరు దగ్గరికి వెళ్లమంటుంది, కాంట్రాక్టరు ఊళ్లో ఉండడు. వీళ్ల ఫిర్యాదు కూడా కంపెనీ టైం ఆఫీసులోనే అందుకుని రసీదు ఇస్తామని, జీతం, పీఎఫ్ సంగతులైతే కాంట్రాక్టరుకు ఇన్ని రోజులని, అతను తేల్చకపోతే కంపెనీలో ఫలానా హోదా అధికారి నిర్ణయిస్తాడని, క్యాంటీన్, భద్రత, మరుగుదొడ్ల ఫిర్యాదులైతే నేరుగా కంపెనీయే తేలుస్తుందని రాసుకోవచ్చు. కాంట్రాక్టరుతో చేసుకునే ఒప్పందంలోనూ ఇవే గడువులు పెట్టి, తేల్చకపోతే అతని బిల్లులోంచి మినహాయించి కార్మికుడికి ఇస్తామన్న షరతు చేరిస్తే కాంట్రాక్టరు ఫోనెత్తుతాడు.